తీర్పు తల మీద నాలుగు వాక్యాలు

సుప్రీంకోర్టు 1997 జులై 11న ‘సమత వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ కేసులో తీర్పు చెప్పింది. (1997) 8 ఎస్‌సీసీ 191 దగ్గర అచ్చయిన ఈ తీర్పు చాలా పొడవైనది. మొత్తం చదివే తీరిక కోర్టు వరండాలో నిలబడ్డ వకీలుకు ఉండదు. ఆయన చూసేది తీర్పుకు పైన చిన్న అక్షరాల్లో ఉండే హెడ్‌నోట్. దాన్ని రాసింది జడ్జి కాదు, లా రిపోర్టు ఎడిటర్. తీర్పులో అది భాగమూ కాదు. అయినా వాదన చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజులపై సమత అనే సంస్థ హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. తర్వాత సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్, 1959లోని సెక్షన్ 3(1)(ఎ) ప్రకారం ఏజెన్సీలో ఏ ‘వ్యక్తి’ అయినా స్థిరాస్తిని గిరిజనులకో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇతరులకు బదలాయిస్తే చెల్లదు. మరి ప్రభుత్వం తన భూమిని లీజుకిస్తే? ప్రభుత్వం ‘వ్యక్తి’ అవుతుందా? కేసుకు గుండెకాయ ఈ ప్రశ్నే. అవుతుందని జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ అన్నారు. కాదని జస్టిస్ జి.బి. పట్నాయక్ భిన్నతీర్పు రాశారు.

ఇలాంటి తీర్పు చేతికొచ్చిన ఎడిటర్ మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే దారి తప్పుతాడు. ముందు చివరి పేజీలకు వెళ్లి కోర్టు ఏమని ఆదేశించిందో చూడాలి. ఆ ఆదేశం రావడానికి ఏయే ప్రశ్నలకు జవాబు తప్పనిసరైందో వెనక్కి నడుస్తూ తేల్చుకోవాలి. ఆ జవాబులే తీర్పులోని రేషియో. మిగిలినవి ఎంత అందంగా ఉన్నా దారిలో చెప్పిన మాటలే. జడ్జి ఇరుపక్షాల వాదనలనూ పేరాలకు పేరాలు ఎత్తి రాస్తారు కనుక, కొత్త ఎడిటర్లు ఒక వకీలు వాదనను కోర్టు నిర్ణయంగా పొరపడటం ఈ పనిలో తరచూ జరిగే తప్పు. అందుకే హెడ్‌నోట్‌లోని ప్రతి వాక్యం చివర పేరా నంబరు వేస్తారు. నంబరు వేయడానికి పేరా దొరకలేదంటే ఆ వాక్యం ఎడిటర్ సొంతంగా పుట్టించిందన్నమాట.

హెడ్‌నోట్‌కు రెండు అంతస్తులు. పైన క్యాచ్‌వర్డ్స్, కింద ‘నిర్ణయం’. క్యాచ్‌వర్డ్స్ చట్టం పేరుతో మొదలై సెక్షన్, వివాదాంశం, జవాబు వరుసలో గీతలతో విడివడుతూ దిగుతాయి. సమత తీర్పుకు తెలుగులో కూర్చితే ఇలా ఉంటుంది:

ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్, 1959 — సెక్షన్ 3(1)(ఎ) — ‘వ్యక్తి’ — ప్రభుత్వం కూడా ఆ మాట కిందికి వస్తుంది (మెజారిటీ) — షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమి — గిరిజనేతరులకు గనుల లీజు — చెల్లదు.

ఈ వరుసలో ‘షెడ్యూల్డ్ ప్రాంతంలోని’ అన్న మాటలు తీసేసి చదవండి. మెదక్ జిల్లా శివ్వంపేట ఏజెన్సీ కాదు. అయినా అక్కడి ప్రభుత్వ భూమి లీజుపై తగాదా వస్తే, సమత ప్రకారం ప్రభుత్వం ఆ లీజు ఇవ్వజాలదంటూ ఎవరైనా పుస్తకం తెరిచి చూపించవచ్చు. తీర్పులో లేని విస్తృతిని హెడ్‌నోట్ తెచ్చిపెట్టినట్టవుతుంది. ‘(మెజారిటీ)’ అన్న మాట జారిపోయినా చిక్కే. జస్టిస్ పట్నాయక్ అభిప్రాయాన్ని ‘భిన్నతీర్పు’ అని స్పష్టంగా రాసి, వేరే పేరాలో, వేరే నంబర్లతో ఉంచాలి. ముగ్గురి మాటలనూ కలిపి ఒకే ‘నిర్ణయం’ కిందికి నెడితే చదివేవాడికి ఏది చట్టమో తెలియదు.

కష్టమంతా జస్టిస్ రామస్వామి తీర్పు చివరి భాగంలో ఉంది. అక్కడ ఆయన ఆంధ్రప్రదేశ్ రెగ్యులేషన్ దగ్గర ఆగలేదు. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం నీరు, బడులు, ఆస్పత్రులు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా ఉంచాలన్నారు. ఇలాంటి పూర్తి నిషేధం లేని రాష్ట్రాలు ఏం చేయాలో కూడా చెప్పారు. ఇవి తీర్పులో ఉన్నాయి కనుక వదిలేయకూడదు. అలాగని ‘వ్యక్తి’పై నిర్ణయం పక్కనే, అంతే బరువుతో పెట్టకూడదు. ఎడిటర్ చేయగలిగింది వాటికి వేరే పేరా ఇచ్చి, ‘ఇతర రాష్ట్రాలకు మార్గదర్శకాలు’ అని ముందే గుర్తు పెట్టడం. తీర్పు ఎంత దూరం వెళ్తుందో చదివేవాడు తనంతట తాను అంచనా వేసుకునేలా ఉండాలి. ఆ అంచనాను ఎడిటరే వేసేసి, బలమైన క్రియాపదాల వెనక దాచడం మంచి పద్ధతి కాదు.

ఇంత శ్రమకు చట్టంలో విలువ ఉందా అనే ప్రశ్న కూడా సుప్రీంకోర్టు ముందుకే వచ్చింది. లక్నోలోని ఈస్టర్న్ బుక్ కంపెనీ ప్రచురించే ఎస్‌సీసీ నుంచి సీడీలు తయారు చేసేవారు తీర్పులను తీసుకున్నారన్నది వివాదం. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కోర్టు తీర్పును ఎవరైనా అచ్చేసుకోవచ్చు. అయితే 2007 డిసెంబర్ 12న చెప్పిన ‘ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్’ తీర్పులో, హెడ్‌నోట్లు, ఫుట్‌నోట్లు, ఎడిటర్ రాసిన వివరణలు ఆ ప్రచురణకర్తవేనని కోర్టు తేల్చింది. కామాలు, అక్షరదోషాలు సరిదిద్దడం మాత్రం ఆ లెక్కలోకి రాదు. పేరాలు విడగొట్టడం, వాటి మధ్య సూచికలు ఇవ్వడం, ఎవరు ఏకీభవించారో ఎవరు విభేదించారో గుర్తించడం వస్తాయి. తీర్పు అర్థమైతేనే చేయగల పనులివి.

ఇక ఇండెక్స్. హెడ్‌నోట్ రాసేటప్పుడు తీర్పు ఏమందో ఆలోచిస్తే, ఇండెక్స్ వేసేటప్పుడు వెతికేవాడికి ఏ మాట గుర్తొస్తుందో ఆలోచించాలి. సమత తీర్పు కోసం ఒకరు ‘గనుల లీజు’ దగ్గర వెతుకుతారు, మరొకరు ‘అయిదో షెడ్యూల్’ దగ్గర, ఇంకొకరు ‘వ్యక్తి’ దగ్గర. ఏజెన్సీలో అందరి నోటా వినిపించేది మాత్రం ‘వన్ ఆఫ్ సెవెంటీ’. 1959 రెగ్యులేషన్‌ను 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో సవరించడం వల్ల వచ్చిన పేరది. చట్టం అసలు పేరు కిందే ఎంట్రీ పెట్టి ఊరుకుంటే వీళ్లకు దొరకదు. అందుకే నాలుగైదు మాటలు ఎంచి, పూర్తి వివరాన్ని ఒక్కచోట ఉంచి, మిగిలిన చోట్ల ‘చూడండి’ అని దారి చూపుతారు:

గనుల లీజు — షెడ్యూల్డ్ ప్రాంతం — చూడండి: భూ బదలాయింపు రెగ్యులేషన్, 1959
వన్ ఆఫ్ సెవెంటీ — చూడండి: భూ బదలాయింపు రెగ్యులేషన్, 1959

‘భూమి’, ‘ప్రభుత్వం’ లాంటి మాటలకు ఎంట్రీ వేయకపోవడమే మేలు. వాటి కింద అన్ని తీర్పులూ చేరతాయి కనుక ఏదీ దొరకదు.

ఒక తీర్పు ఇండెక్స్ ఎక్కాక కూడా దానితో పని తీరదు. 2001 డిసెంబర్‌లో బాల్కో పెట్టుబడుల ఉపసంహరణ కేసులో మరో ముగ్గురు జడ్జీల బెంచి సమత మెజారిటీ అభిప్రాయంపై గట్టి సందేహాలు వ్యక్తం చేసింది. అక్కడి వివాదం మధ్యప్రదేశ్ చట్టం కింద నడిచింది, దాని మాటలు వేరు కనుక సమత వర్తించదని చెప్పింది. ముగ్గురు జడ్జీల బెంచి మరో ముగ్గురి తీర్పును కొట్టివేయజాలదు. కాబట్టి బాల్కో తీర్పు కింద ‘ఉదహరించిన కేసులు’ జాబితాలో సమత పక్కన ఎడిటర్ ‘కొట్టివేత’ అని రాయకూడదు. ‘సందేహం వ్యక్తం చేశారు, భిన్నమైనదిగా గుర్తించారు’ అని రాయాలి.