వేగం ముందు కాలిలో ఉంది

మన డెల్టాలో ఫాస్ట్ బౌలర్‌ను మెచ్చుకునే మాట ఒకటుంది: “జబ్బలో సత్తువుందండీ!” మినుము కోతలై, నల్లమట్టి గట్టిపడ్డాక ఉయ్యూరు, పామర్రు వైపు చేలల్లో కుర్రాళ్లు వికెట్లు పాతుకుంటారు. గట్టు మీద నిలబడ్డ పెద్దలందరూ బౌలర్ చెయ్యే చూస్తారు. నేను ముందు కాలు చూస్తాను. కుడిచేతి వాటమైతే ఎడమ కాలు. వేగం సంగతి తేలేది అక్కడే.

2025 ఆగస్టు 4న లండన్ ఓవల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టులో మన హైదరాబాదీ సిరాజ్ వేసిన ఆఖరి బంతినే తీసుకోండి. గంటకు 143 కిలోమీటర్ల వేగంతో వెళ్లిన యార్కర్ అట్కిన్సన్ వికెట్టు పడగొట్టింది, మనం 6 పరుగుల తేడాతో గెలిచాం. ఫాస్ట్ బౌలర్లు పరుగెత్తి వచ్చే వేగం మామూలుగా గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లు. ఆ పరుగు బంతికి నేరుగా ఇచ్చేది ఆరో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. మిగతాదంతా ముందు పాదం నేలను తాకాక, బంతి చెయ్యి దాటేలోగా రావాలి. ఆ వ్యవధి సెకనులో పదో వంతు.

జోరుగా పోయే సైకిలుకి ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం ఆగుతుంది, మనిషి ముందుకు విసిరినట్టు పడతాడు. బౌలర్ తన ఒంటితో చేసేది ఇదే. మడమ నేలకు గుద్దుకుంటుంది. తొడ ముందు కండరాలు బిగిసి మోకాలిని వంగనివ్వవు. కాలు ఆగిపోతుంది, దాని పైనున్న ఒళ్లు ఆగదు. ముందుగా కటి బ్యాటర్ వైపు తిరుగుతుంది, భుజాలు ఇంకా వెనకే ఉంటాయి. ఈ మెలికలో పొట్ట పక్క కండరాలు సాగి, మరుక్షణం మొండేన్ని లాగి ముందుకు వంచుతాయి. ఆ తర్వాతే ఛాతీ కండరాలు, వీపు నుంచి చంక కిందుగా జబ్బకు వచ్చే పెద్ద కండరం చేతిని పైనుంచి కిందికి లాగుతాయి. బరువైన మొండెంలో ఉన్న ఊపు తేలికైన చేతికి చేరేసరికి వేగంగా మారుతుంది. మోచెయ్యికి ఇందులో పని తక్కువ, 15 డిగ్రీలకు మించి చాచితే అది త్రోయే. చివర్లో మణికట్టు, వేళ్లు కాస్త కలుపుతాయి.

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు 20 మంది మేటి బౌలర్లను కొలిచి 2013లో ప్రచురించిన ఫలితాలు నాకు చాలా ఇష్టం. ఎక్కువ వేగంతో వేసేవాళ్లలో నాలుగు లక్షణాలు కనిపించాయి: పరుగు జోరు, మోకాలు నిటారుగా ఉండటం, మొండెం బాగా ముందుకు వంగటం, చెయ్యి ఆలస్యంగా తిరగటం. ఆలస్యంగా! గట్టు మీది పెద్దలు “చెయ్యి తొందరగా తిప్పరా” అని కేకేస్తుంటారు. మొండెం వంగకముందే తిరిగిన చేతికి కింది నుంచి అందేదేమీ ఉండదు, జబ్బ ఒక్కటే కష్టపడాలి. మెత్తటి టెన్నిస్ బంతితో అలాగే నెట్టుకురావచ్చు. తోలు బంతి దానికి దాదాపు మూడు రెట్ల బరువు. అప్పుడు వేగమూ రాదు, భుజమూ నొప్పెడుతుంది.

కాలు ఆగిందో లేదో మట్టే చెబుతుంది. మడమ గుంట పొట్టిగా, లోతుగా ఉంటే ఆగినట్టు. ముందుకు గీరుకుపోయిన జాడ ఉంటే పాదం జారింది, ఊపులో కొంత నేలపాలైంది. తడి ఆరని చేలో బౌలర్ నెమ్మదించటానికి కారణం బద్ధకం కాదు, బ్రేకు పడకపోవటం.

ఆ బ్రేకుకు ఒళ్లు చెల్లించే ధర పెద్దది. పాదం పడినప్పుడు నేల తిరిగి నెట్టే బలం ఒంటి బరువుకు అయిదారు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. 75 కిలోల మనిషికి ఇంచుమించు 400 కిలోల బరువు మీద పడినట్టు. ఆ ఓవల్ టెస్టుతో ముగిసిన సిరీస్‌లో సిరాజ్ 185.3 ఓవర్లు, అంటే 1,113 బంతులు వేశాడు. అన్నిసార్లూ అదే ఎడమ కాలు.

మోకాలు దాటిన అదురు నడుముకు చేరుతుంది. సరిగ్గా ఆ క్షణాన కుడిచేతి బౌలర్ నడుము ఎడమకు ఒరిగి, వెనక్కి వాలి, మెలి తిరిగి ఉంటుంది. కటి బ్యాటర్‌కు ఎదురుగా ఉండగా భుజాలు పక్కకు తిరిగి ఉండే కలగాపులగం యాక్షన్‌లో ఈ మెలి మరీ ఎక్కువ. అందుకే వెన్ను అడుగుపూసల ఎడమ వైపు సన్నటి ఎముక చిట్లుతుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఎముకలు ఇంకా ముదరని పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ.

కుడిచేతి బౌలర్‌కు నడుము ఎడమ పక్కన ఒకేచోట నొప్పి ఉంటే, బౌలింగ్ చేసినప్పుడు పెరిగి విశ్రాంతిలో తగ్గుతుంటే అనుమానించాలి. ఎడమ కాలి మీద నిలబెట్టి వెనక్కి వంచితే కలుక్కుమన్నా అంతే. ఆ సాయంత్రం నుంచే బౌలింగ్ మానిపించి డాక్టరుకు చూపించండి. తొలి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. అప్పుడే పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో చాలామందికి అతుక్కుంటుంది. నొప్పి మందు వేసుకుని ఆడితే చిట్లింది కాస్తా విరిగిపోతుంది.