ప్రకటనలు మాస్టారే చదవాలి

గుంటూరు వైపు పల్లెల్లో పాత లూథరన్ గుళ్ళకు వెళ్ళినవాళ్ళకు ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. ప్రసంగం అయిపోతుంది. సంఘ కార్యదర్శి లేచి, కళ్ళజోడు సర్దుకుని, మడిచిన కాగితం విప్పుతాడు. సగం మంది అప్పుడే చెప్పుల కోసం చూపు బయటికి పోనిస్తారు. మా ఊళ్ళో మాత్రం అలా జరిగేది కాదు. ఎందుకంటే మాకు మాస్టారు ఉండేవారు. ఎలిమెంటరీ స్కూల్లో పంతులుగా రిటైరై, ఇరవై ఏళ్ళకు పైగా మా గుడిలో ప్రకటనలు చదివిన మనిషి. నేను పెద్ద పెద్ద ఉపన్యాసకులను విన్నాను. తెలుగు మాటను ఇంత లెక్కగా వాడిన మనిషిని మాత్రం ఇంకొకరిని చూడలేదు.

ఆయన ముందు ఎవరు కూర్చునేవారో చెబితే గాని ఆ పనితనం అర్థం కాదు. ముందు చాపల మీద సండే స్కూలు పిల్లలు. ఒక పక్క ఆడవాళ్ళు, వాళ్ళలో అక్షరం రాని ముసలమ్మలు ఎందరో. ఇంకో పక్క కూలికి వెళ్ళేవాళ్ళు, కౌలు రైతులు, ఇద్దరు ముగ్గురు రిటైరైన ఉద్యోగులు. వెనక గోడకు ఆనుకుని ఇంగ్లీషు మీడియంలో చదివి ఇంజినీరింగ్ చేస్తున్న కుర్రాళ్ళు. వీళ్ళందరికీ ఒకే కాగితం, ఒకే గొంతు, ఒక్కసారే చదవడం.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు లెక్క వేస్తారు. చదువుకున్నవాళ్ళకు గ్రాంథికం, చదువు లేనివాళ్ళకు వాడుక భాష అనుకుంటారు. గుడిలో అది తలకిందులు. అక్షరం రాని ముసలమ్మ డెబ్బై ఏళ్ళుగా పాత అనువాదపు బైబిలు వింటూ ఉంది, పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు కంఠతా పాడుతూ ఉంది. 'విశ్వసించుడి', 'కృపాసనము', 'ప్రథమ ఫలములు' ఆమెకు ఇంటి మాటలే. తడబడేది వెనక గోడ దగ్గరి కుర్రాడు. అదే ముసలమ్మ 'హాజరు కావలసినదిగా కోరడమైనది' అంటే మాత్రం బిక్కమొహం వేస్తుంది. ఎందుకంటే అది గ్రంథపు తెలుగు కాదు, ఆఫీసు తెలుగు. కలెక్టరేటు గోడ మీద అంటించే నోటీసు భాష. రెండింటినీ 'శిష్ట భాష' అని ఒకే గంపలో వేయడమే అసలు తప్పు. మాస్టారు ఆ రెండింటినీ విడదీశారు. గ్రంథపు మాటను గౌరవంగా ఉంచుకున్నారు, ఆఫీసు మాటను గుమ్మం బయటే ఆపారు.

ఈ గ్రంథపు భాష మన గుళ్ళలోకి మిషనరీల కాలం నుంచీ వచ్చింది. హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చింది 1842లో. అప్పటికి పుస్తకమంటే గ్రాంథికమే. తరువాత గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడి గెలిచారు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బళ్ళు, పత్రికలు మారాయి. గుడిలో చదివే బైబిలు మాత్రం చాలా చోట్ల పాతదే నిలిచింది. అందుకే గుడి చెవికి రెండు భాషలూ అలవాటు.

ఇక పనితనం చూడండి. కోత పండుగ ప్రకటన ఒకటి చెబుతాను. ఆఫీసు తెలుగులో కాగితం ఇలా వచ్చేది: 'రాబోవు ఆదివారము ఉదయము 10 గంటలకు మన దేవాలయమునందు కోత పండుగ ఆరాధన నిర్వహించబడును. కావున సంఘస్థులందరూ తమ ప్రథమ ఫలములతో సకాలమునకు హాజరు కావలసినదిగా కోరడమైనది.' అదే కాగితాన్ని వెనక గోడ కుర్రాళ్ళకు ఇస్తే: 'నెక్స్ట్ సండే హార్వెస్ట్ ఫెస్టివల్ ఉంటుంది. ఆఫరింగ్స్ తెచ్చేవాళ్ళు ఎర్లీగా వచ్చి సబ్మిట్ చేయండి.'

మాస్టారు చదివింది ఇది: 'వచ్చే ఆదివారం, 18వ తారీఖు, మన కోత పండుగ. ఆరాధన పొద్దున పదింటికి. ప్రథమ ఫలాలు తెచ్చేవాళ్ళు తొమ్మిదిన్నరకల్లా వసారాలో స్త్రీల సమాజం వాళ్ళకు అప్పగించండి. వడ్లు గానీ, కోడి గానీ, గుమ్మడికాయ గానీ. పొలం లేనివాళ్ళు వెనకాడొద్దు, మీ కష్టంలో మొదటిది ఏదైనా ప్రథమ ఫలమే. వేలం ఆరాధన అయ్యాక. తొమ్మిదిన్నరకల్లా అప్పగించండి, వసారాలో.'

'ప్రథమ ఫలాలు' అన్న మాటను ఆయన తీసేయలేదు. తీసేసి 'పంటలో మొదటిది' అంటే ముసలమ్మకు అది బైబిలుతో తెగిపోతుంది, వట్టి చందా వసూలు అయిపోతుంది. మాటను ఉంచి, వెంటనే పక్కన వడ్లు, కోడి, గుమ్మడికాయ నిలబెట్టారు. కుర్రాడికి అర్థం అక్కడే దొరికింది, నిఘంటువు చూసిన చిన్నతనం లేకుండా. క్రియలు మాత్రం అన్నీ వాడుకలోవే. 'నిర్వహించబడును' లోని ఆ 'బడు' మన నోటి మాటలో లేదు. ఎవరు చేస్తారో చెప్పకుండా తప్పించుకునే క్రియ అది. 'స్త్రీల సమాజం వాళ్ళకు' అనగానే ఎవరి చేతికి ఇవ్వాలో తేలిపోయింది. 'సకాలమునకు' అంటే ఎవరి కాలం? 'తొమ్మిదిన్నరకల్లా' లోని ఆ 'కల్లా' ఒక్కటి చాలు.

చివరి వాక్యం గమనించారా? తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం పొడుగైతే ఏం చేయాలో తెలిసేలోపు ఎప్పుడు చేయాలో మరిచిపోతాం. మాస్టారు ఒక్కో వాక్యాన్ని ఒక్క ఊపిరిలో ముగించేవారు. మరీ ముఖ్యమైనదాన్ని క్రియ దాటాక మళ్ళీ వేసేవారు, 'అప్పగించండి, వసారాలో' అని. ఇంట్లో అమ్మ పిల్లాణ్ణి కొట్టుకు పంపేటప్పుడు 'తీసుకురా, ఉప్పు' అన్నట్టు. వ్యాకరణ పుస్తకం రాసేవారు కాదు గాని, చెవికి ఏది అంటుకుంటుందో ఆయనకు తెలుసు.

వాడుక భాష అంటే ఏ మాటైనా కిందికి దించేయడం అనుకునేవాళ్ళకు ఆయన దగ్గర పాఠం ఉంది. ఒకసారి ఒక యువకుడు ఉపవాస ప్రార్థన ప్రకటన సులువు చేస్తానని 'పస్తు ప్రార్థన' అని రాసుకొచ్చాడు. మాస్టారు పెన్ను తీసి కొట్టేశారు. 'ఉపవాసం మనం ఉండేది నాయనా, పస్తు మనకు వచ్చిపడేది' అన్నారు. పస్తులు చూసిన ఇళ్ళు ఆ వరసల్లోనే ఉన్నాయి మరి. 'సంఘం' అన్న మాట దగ్గర కూడా అంతే జాగ్రత్త. ఇప్పుడు పల్లెలో ఆడవాళ్ళు సంఘం అంటే డ్వాక్రా సంఘం. 'రేపు సంఘం మీటింగు' అంటే పాసు పుస్తకాలు పట్టుకొచ్చేవాళ్ళు ఉన్నారు. ఆయన 'మన గుడి సంఘం' అనే చదివేవారు. ఇంకొకటి, పేట మాటను అనుకరించడానికి ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. చదువుకున్నవాడు మైకు ముందు కూలివాళ్ళ యాసను కావాలని పలికితే దగ్గరతనం రాదు, వెక్కిరింపు అవుతుంది. అందరిళ్ళల్లో అతిథి ముందు మాట్లాడే మాట ఒకటి ఉంటుంది. ఆయన పట్టుకున్నది అది.

'మనం', 'మేము' తేడాను ఆయన వాడినట్టు ఇంకెవరూ వాడలేరంటే అతిశయోక్తి కాదు. డబ్బు అడగాల్సి వస్తే 'మనం గుడికి సున్నం వేయించుకోవాలి'. లెక్కలో తప్పు దొర్లితే 'మేము పోయిన నెల లెక్క తప్పు చదివాం'. పనిలో అందరినీ కలుపుకుని, తప్పును కమిటీ మీద వేసుకునేవారు. ఇది తలకిందులు చేసి చదివిన కార్యదర్శులను కూడా నేను చూశాను. 'మేము సున్నం వేయించాం, మీరు చందాలు ఇవ్వాలి' అని. 'ఇవ్వాలి' అన్న వాడుక క్రియ ఒంటరిగా నిలబడితే 'ఇయ్యవలెను' కంటే గట్టిగా తగులుతుంది. అదేమో గ్రంథం చెప్పినట్టు ఉంటుంది, ఇదేమో ఆసామి అప్పు అడిగినట్టు.

మాట పైకి వెళ్ళాల్సిన చోట ఆయన వెనకాడింది లేదు. పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు కదా, అందులో ఒక్క అక్షరం మార్చేవారు కాదు. 'అభ్యంతరమున్న యెడల' అన్నది అలాగే ఉండేది. రెండు కుటుంబాల పరువు ఆ మాటల మీద నిలబడి ఉంటుంది. ఒక పెండ్లికి ఒకలా, ఇంకో పెండ్లికి ఇంకోలా చదివితే చిన్నచూపు చూశారంటారు. అది ముగించాక ఒక్క క్షణం ఆగి, గొంతు దించి, 'ఇది రెండోసారి చదవడం. ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే పాస్టరు అయ్యగారితో నేరుగా చెప్పండి, అరుగుల మీద వద్దు' అనేవారు. ఆ ఆగడం ఉంది చూశారూ, అక్కడే ఉంది విద్యంతా. గ్రంథం ఎక్కడ ముగిసిందో, ఊరి మాట ఎక్కడ మొదలైందో కళ్ళు మూసుకున్నా తెలిసేది. వాక్యం మధ్యలో భాష మార్చి 'హాజరు కావలెను, ఓకేనా' అనేవాళ్ళకు ఆ ఆగడం విలువ ఏం తెలుస్తుంది!

మరణ వార్త కూడా అంతే. 'ప్రభువునందు నిద్రించారు' అని మొదట చదివేవారు. అది పెద్దల ఆదరణ. చాపల మీద పిల్లలు ఉన్నారు గనక వెంటనే, 'తాతగారు నిన్న రాత్రి పోయారు. భూస్థాపన ఇవాళ సాయంత్రం నాలుగింటికి' అనేవారు. 'చనిపోయారు' అన్న మాట పెద్దవాళ్ళ విషయంలో ఆయన నోట రాలేదు.

ఇప్పుడు ఏం జరుగుతోందో తలచుకుంటే కడుపు మండిపోతుంది. టీవీ ప్రసంగీకులను చూసి నేర్చుకున్న ఒక కొత్త బాణీ వచ్చింది. సగం ఇంగ్లీషు, సగం అరువు గ్రాంథికం, మధ్యలో ప్రతి వాక్యానికీ ఒక స్తోత్రం. 'ఫాస్టింగ్ ప్రేయర్ మహిమకరముగా జరిగించబడబోవుచున్నది' అని మైకు పగిలేలా అరుస్తారు. ఏ రోజు, ఎన్నింటికి అన్నది ఆ హోరులో కొట్టుకుపోతుంది. వినేవాళ్ళు వసారాలోకి వచ్చి ఒకరినొకరు 'ఎప్పుడన్నారు?' అని అడుగుతారు. ప్రకటన పాడైందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. మాస్టారు చదివిన ఆదివారం వసారాలో ఆ ప్రశ్న నేను వినలేదు.

మా పిన్ని సంగతి చెప్పకుండా ఉండలేను. పట్నంలో కొడుకు దగ్గర ఉంటూ అక్కడి గుడికి వెళ్ళేది. తన స్నేహితురాలి జ్ఞాపకార్థ కూడిక ఆ రోజే 'అపరాహ్నము మూడు గంటలకు' అని చదివారట. ఆ మాట ఆమె బైబిల్లో వినలేదు, బజార్లో వినలేదు. పక్కవాళ్ళను అడగడానికి మొహమాటపడింది. మరునాడు తెల్లవారుజామున మూడింటికి లేచి, తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని కూర్చుంది. కొడుకు లేచి ఏమిటమ్మా అంటే, రాత్రిపూట కూడిక పెట్టారేమోనని భయపడ్డానంది. అప్పటికి కూడిక జరిగిపోయి పన్నెండు గంటలు. 'మధ్యాహ్నం' అన్న మూడక్షరాలు చదివి ఉంటే ఆమె తన స్నేహితురాలి పిల్లలను పట్టుకుని ఏడ్చి ఉండేది.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన ప్రకటనల పుస్తకం ఉంది, పొడుగు రూళ్ళ నోటు పుస్తకం. ఎడమ పేజీలో ఆఫీసు నుంచి వచ్చిన కాగితం అంటించి, కుడి పేజీలో తాను చదవబోయే మాట రాసుకునేవారు. ఊపిరి పీల్చుకునే చోట ఎర్ర గీత, కొట్టివేతలు, ఒక్కో మాట మీద మూడేసి ప్రయత్నాలు. శనివారం రాత్రి దాన్ని ముందు భార్యకు చదివి వినిపించి, తిరిగి చెప్పమనేవారట. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ దిద్దేవారు. మీ ఊరి గుడి బీరువాలో కూడా ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి. దయచేసి వాటిని పాత కాగితాల కింద తూకానికి వేయకండి. రేపు మైకు పట్టుకోబోయే కుర్రాడి చేతికి ఇచ్చి, ఎడమ పేజీ ఒకసారి, కుడి పేజీ ఒకసారి పైకి చదవమనండి.