ఏ నెల, ఏ వేళ, ఏ గాలి

విశాఖపట్నం మీద ఎవరైనా యాత్రా వ్యాసం రాసి చూడమని ఇస్తే నేను మొదట చూసేది ఒక్కటే: ఈ వ్యాసాన్ని విశాఖ వెళ్లకుండా రాయవచ్చా? నీలి సముద్రం, పచ్చటి కొండలు, హాయిగొలిపే గాలి. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు. కానీ వీటిని తీసి గోవా మీద పెట్టినా సరిపోతాయి, కన్యాకుమారి మీద పెట్టినా సరిపోతాయి. అందుకే వాటి వల్ల విశాఖ పాఠకుడికి చేరదు.

మనవాళ్లు యాత్రా వ్యాసాన్ని మూడు అరలుగా కడతారు. ముందు వర్ణన, మధ్యలో అనుభవాలు, చివర ‘ఎలా వెళ్లాలి, ఎక్కడ దిగాలి’ అనే సమాచారం. నా అనుభవంలో ఇవి మూడు వేర్వేరు పనులు కావు. కంటికీ ముక్కుకీ చెవికీ తగిలిన దాన్ని ఏ నెలలో, ఏ వేళలో, ఎక్కడ నిలబడి ఉండగా తగిలిందో కలిపి రాసుకుంటే సలహా అందులోంచే వస్తుంది. బాగా లేనిది ఎందుకు బాగా లేదో కూడా అందులోంచే తెలుస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌నే తీసుకుందాం. అక్కడికి వెళ్లొచ్చిన ఎవరికైనా కలం పట్టగానే వచ్చే వాక్యం ‘హార్బరంతా ఒకటే చేపల కంపు, ఒకటే హడావిడి’. ఈ వాక్యంలో గడియారం లేదు, క్యాలెండరూ లేదు. ఇదే చోటును ఇలా రాసి చూడండి:

‘నవంబరు, ఉదయం ఆరు గంటలు. బోట్ల లోంచి ట్రేలు జెట్టీ మీదికి దిగుతున్నాయి. కాళ్ల కింద ఐసు ముక్కలు కరకరమంటున్నాయి. అప్పుడే దిగిన వంజరం దగ్గర వంగి చూస్తే కంపు లేదు, ఉప్పునీటి వాసన, దాని మీద డీజిల్ పొగ. కంపు వస్తున్నది రెండు చోట్ల నుంచి: నేల మీద నిలిచిన మురికి నీళ్లు ఒకటి, ఎండుచేపలు ఆరబోసిన స్థలం రెండోది. ఎనిమిదయ్యేసరికి ఎండెక్కింది, కంపూ ఎక్కింది. వేలం పాట పలచబడింది. గంపలు ఆటోల్లోకి ఎక్కుతున్నాయి.’

రెండో దానిలో అలంకారం లేదు. కానీ చదివినవాడికి ఎప్పుడు వెళ్లాలో తెలిసిపోయింది: తెల్లవారుతుండగా వెళ్లాలి, ఎండెక్కక ముందే బయటపడాలి. ఏం వేసుకోవాలో కూడా తెలిసిపోయింది: ఐసు నీళ్లలో జారని చెప్పులు, మడమల పైకి మడిచిన ప్యాంటు. ఇంకో రెండు వాక్యాలు కలిపితే చాలు. బరువు మోసుకొచ్చేవాళ్లకు దారి వదలాలి, వాళ్లు ఆగరు. పాట పాడుతున్న ఆడవాళ్ల ముఖాల మీదికి కెమెరా పెట్టే ముందు అడగాలి, అది వాళ్ల బతుకుతెరువు నడిచే వేళ. అక్కడ కూర్చోవడానికి చోటు ఉండదన్న నిజాన్ని కూడా దాచనక్కర్లేదు. ఆ చోటు చూడవచ్చిన వాళ్ల కోసం కట్టింది కాదు.

నెల రాయడం ఎందుకంత ముఖ్యమో హార్బరే చెబుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మర బోట్లకూ మోటారు బోట్లకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన విరామం అది. పిల్లలకు సెలవులొచ్చి జనం విశాఖకు బయలుదేరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. నవంబరు వ్యాసం చదివి మే నెలలో తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్లినవాడికి లంగరేసిన బోట్లు, వలలు బాగుచేసుకుంటున్న మనుషులు కనిపిస్తారు. అదీ చూడదగ్గదే. కానీ అతను చూడాలని వెళ్లింది అది కాదు. సంవత్సరం కూడా వేయాలి. 2023 నవంబరులో ఇదే హార్బర్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరి చెట్లను కూల్చేసింది. ఆ తేదీలకు ముందు రాసిందీ తర్వాత రాసిందీ ఒకే ఊరి గురించి చెప్పవు.

వేళ విషయంలో ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఆర్‌కే బీచ్ మీద రాసిన వ్యాసంలో ‘సూర్యుడు సముద్రంలోకి దిగిపోయాడు’ అని కనిపిస్తే ఆ వాక్యం ఎక్కడినుంచో అరువు వచ్చిందని అర్థం. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల మీదికి వాలతాడు. సాయంత్రం బీచ్‌లో కనిపించే అసలు దృశ్యం వేరు. ఎండ ముందు ఇసుక మీంచి తప్పుకుంటుంది, దూరంగా లంగరేసిన ఓడల మీద ఇంకా కాసేపు ఉంటుంది. కళ్లతో చూసినవాడు అది రాస్తాడు. సూర్యోదయం చూడాలనుకునేవాడికి ఇవ్వాల్సిన సలహా కూడా అందులోనే ఉంది. జూన్ మొదట్లో అయిదున్నరకు ముందే ఇసుక మీద ఉండాలి, జనవరిలో ఆరున్నర దాకా సమయం ఉంటుంది.

ఈ బీచ్ దగ్గరే, ఇంద్రియ వివరం ప్రాణాలు కాపాడే చోటు కూడా ఉంది. ఆర్‌కే బీచ్‌లో స్నానానికి దిగి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు మనం తరచూ చదువుతున్నాం. ‘జాగ్రత్తగా ఉండండి’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. చూడాల్సింది ఇది: వరసగా అలలు విరిగి తెల్లగా నురగ కడుతున్నప్పుడు, మధ్యలో ఒక సందు మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో, అలలు విరగకుండా కనిపిస్తుంది. కొన్నిసార్లు అక్కడ ఇసుక కలిసిన నీళ్లు, నురగ ముక్కలు లోపలికి పోతుంటాయి. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. కొత్తవాళ్లు సరిగ్గా ఆ ప్రశాంతమైన చోటే ఎంచుకుని దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకూడదు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక బయటపడాలి. అయినా ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ దిగకపోవడమే మేలు. సముద్రం అందాన్ని నాలుగు పేరాలు రాసేవాళ్లు ఈ నాలుగు వాక్యాలు తప్పకుండా రాయాలి.

శరీరానికి తెలిసింది రాయడమంటే ఏమిటో ఇదే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామి కూడా చెబుతుంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి మ్యూజియంగా నిలబడి ఉంది. ఈ మూడు సంవత్సరాలూ ఎక్కడైనా దొరుకుతాయి. లోపలికి వెళ్లి వచ్చినవాడే చెప్పగలిగింది వేరే ఉంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి తలుపులో నడుము వంచి, ముందు ఒక కాలు ఎత్తి అవతల పెట్టి, తల తగలకుండా దాటాలి. రెండు వైపులా గొట్టాలూ మీటలూ భుజాలకు ఆనుతుంటాయి. వెనక జనం ఉంటే ఆగడానికి వీలుండదు. ఇలా రాస్తే మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లాలా వద్దా అన్నది కొడుకు ఇంట్లోనే తేల్చుకుంటాడు. సెలవు రోజు, టికెట్టు ధర మాత్రం మారతాయి. వాటిని రాసినప్పుడు ఏ నెలలో కనుక్కున్నామో పక్కనే రాయాలి.

ఇక బాగా లేనిదాన్ని రాయడం. ఇక్కడే చాలామంది తడబడతారు. కొందరు ఊరిని నొప్పించకూడదని వదిలేస్తారు, కొందరు ఒక చెడ్డ పూటకు ఊరంతటినీ తిడతారు. నేను పాటించే పద్ధతి, ఆ చేదు ఎవరికి ఎన్నిసార్లు తగులుతుందో అడగడం. ఒక ఆటో అతను నన్ను రెట్టింపు అడిగాడు. అది ఆ ఉదయానికి సంబంధించింది, ఒక వాక్యం చాలు, ఊరి స్వభావంగా చెప్పకూడదు. గాజువాక వైపు వెళ్తూ ఉక్కు కర్మాగారం షిఫ్టు మారే వేళ రద్దీలో ఇరుక్కున్నాం. అది రోజూ జరిగేది, కాబట్టి ఫిర్యాదుగా కాక ప్రయాణ వేళకు సంబంధించిన సలహాగా రాయాలి.

మూడోది ఇంకా లోతైనది. పాతపట్నంలో ఒక మేడ పిట్టగోడ మీద వేలు రాస్తే నల్లటి పొడి అంటింది. రేవులో దిగే బొగ్గు, ఖనిజాల ధూళి గురించి ఆ ప్రాంతవాసులు ఎన్నో ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. దీన్ని రాసేటప్పుడు మూడు మాటలను కలిపేయకూడదు. వేలికి పొడి అంటింది, అది నేను చూసింది. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాల్సి వస్తోందని ఆ ఇంటావిడ చెప్పింది, అది నేను విన్నది. ఆ పొడి ఎక్కడిది, ఎంత ఉంది అన్నది కొలిచేవాళ్లు తేల్చాల్సింది. అలా విడివిడిగా రాస్తే పాఠకుడు నమ్ముతాడు, ఆవిడ మాట కూడా నిలుస్తుంది. మూడింటినీ కలిపి ‘కాలుష్య నగరం’ అని ఒక్క మాటలో కొట్టేస్తే ఆవిడ బాధ మన కోపంలో మాయమవుతుంది. అదే మేడ మీంచి రేవు కాలువలోకి వచ్చే ఓడ, చర్చీ గుడీ దర్గా వరసగా ఉన్న మూడు కొండలు కనిపించిన మాటా రాయాలి. రెండూ ఒకే మేడ మీంచి కనిపించాయి, ఒకే పేరాలో ఉండాలి.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయలుదేరి, తిరుగు దారిలో మన ఉత్తరాంధ్ర తీరం మీదుగా వచ్చి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారి పొడవునా మిత్రుడు శ్రీనివాస పిళ్లైకి రాసినవే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. మజిలీకీ మజిలీకీ దూరం ఎంత, సత్రం ఉందా, నీళ్లు ఎలాంటివి, అంగళ్లలో ఏం దొరుకుతుంది, ఏరు ఎలా దాటాలి అన్నవి ఆయన వదిలిపెట్టలేదు. తన వెనక అదే దారిన నడవబోయేవాడు ఆయన కళ్ల ముందు ఉన్నాడు. ఆ దారులు ఇప్పుడు లేకపోయినా ఆ పుస్తకం నిలవడానికి కారణం ఆ వివరాలే.

విశాఖ వెళ్లేవాళ్లకు నా విన్నపం ఇది. జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఫోటో తీసిన ప్రతి చోటా తేదీ, గంట, గాలి ఎటునుంచి వస్తోంది, ముక్కుకు ఏం తగిలింది, ఎవరు ఏమన్నారు అన్నవి అక్కడే నిలబడి రాసుకోండి. ఇంటికొచ్చాక ఆ పుస్తకంలో లేని విశేషణాన్ని వ్యాసంలో పెట్టకండి. మీ వ్యాసం నమ్ముకుని ఎవరో పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్తారు. వాళ్ల కోసం రాయండి.