‘అన్ని పనులూ’ అంటే ఎన్ని పనులు?

కువైట్‌లో ఇంటిపనికి ఆడమనిషి కావాలంటూ ఇంగ్లీషులో వచ్చే ప్రకటనలను నేను తెలుగు చేస్తుంటాను. కడప వైపు, గోదావరి జిల్లాల వైపు ఆడవాళ్లు వాటిని చదువుకుని, లేదా ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుని, ఊరు దాటాలా వద్దా అని తేల్చుకుంటారు. ఆ ప్రకటనలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ఈమధ్య వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ‘కువైటీ కుటుంబానికి ఇంటిపనిమనిషి కావలెను. అన్ని ఇంటిపనులూ చేయాలి. వంట వచ్చినవారికి ప్రాధాన్యం. వయసు 25–40. ఆకర్షణీయమైన జీతం. భోజనం, వసతి ఉచితం.’

ఇందులో ఒక్క మాట కూడా తప్పుగా తెలుగు కాలేదు. అయినా ఇది చదివినామెకు తాను పొద్దున ఎన్నింటికి లేవాలో, ఎన్ని గదులు ఊడ్చాలో, నెల తిరిగేసరికి చేతికి ఎంత వస్తుందో తెలియదు. తెలియనిచోట ఆమె తన ఊరి లెక్కే వేసుకుంటుంది. ‘అన్ని ఇంటిపనులూ’ అంటే తనకు తెలిసిన పనులే అనుకుంటుంది: అంట్లు, బట్టలు, ఊడ్చి తుడవడం. అందుకే ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు ముందు యజమానికి ప్రశ్నలు రాసి పంపుతాను. జవాబులు వచ్చాకే తెలుగు మొదలుపెడతాను.

మొదటి ప్రశ్నలు ఇంటి గురించి. ఎంతమంది ఉంటారు? ఎన్ని అంతస్తులు? పసిపిల్లలు, మంచం పట్టిన పెద్దవాళ్లు ఉన్నారా? వేరే పనివాళ్లు ఉన్నారా? దీవానియా ఉందా? కువైట్ ఇళ్లలో మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే గదిని, ఆ కూడికను కూడా దీవానియా అంటారు. అది ఉన్న ఇంట్లో కూడిక జరిగే రాత్రి చాయ్‌లు, కాఫీలు, తిండి అందిస్తూనే ఉండాలి. అక్కడ పనిచేసి వచ్చినవాళ్లకు ఈ సంగతి తెలుసు. మొదటిసారి వెళ్లేవాళ్లకు తెలియదు, ఏ ప్రకటనా చెప్పదు.

ఈ ఇంటి నుంచి వచ్చిన జవాబులు చూస్తే ‘అన్ని పనులూ’ విడివిడిగా తేలాయి. రెండంతస్తుల ఇల్లు, ఏడుగురు మనుషులు, నాలుగేళ్ల పాప, చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన నానమ్మ. డ్రైవరు ఉన్నాడు, వంటమనిషి లేదు. గురువారం రాత్రి దీవానియా. వంటమనిషి లేదన్న జవాబు చూసి, మరి మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారని మళ్లీ అడిగాను. పనికి వచ్చే ఆమే చేయాలన్నారు. అంటే ‘వంట వచ్చినవారికి ప్రాధాన్యం’ అని రాసింది నిజానికి రోజూ ఏడుగురికి వంట. పాపను చూసుకోవడం, నానమ్మకు స్నానం చేయించడం అయితే అసలు ప్రకటనలోనే లేవు. ఇంటిపని, వంట, పిల్లల సంరక్షణ, వృద్ధుల సేవ, ఇవి నాలుగు వేర్వేరు పనులు. ఒకే మనిషి చేత చేయించదలిస్తే నాలుగింటినీ పేరుపేరునా రాయాలి.

రెండో ప్రశ్న గంటల గురించి. ‘ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, పని లేనప్పుడు విశ్రాంతి’ అని జవాబు వచ్చింది. ఏడుగురున్న ఇంట్లో పని లేని సమయం దానంతటది రాదు. గడియారం చూపించని విశ్రాంతిని లెక్కలోకి తీసుకోకూడదు. కువైట్ 2015లో ఇంటిపనివారి కోసమే 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం పని రోజుకు 12 గంటలు మించకూడదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి, వారానికి ఒక సెలవు ఇవ్వాలి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. ఈ మాట గుర్తుచేసి, విశ్రాంతి ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని తిరిగి అడిగాను. చివరికి ఉదయం 6 నుంచి రాత్రి 9, మధ్యలో 2 నుంచి 5 దాకా విశ్రాంతి అని ఒప్పుకున్నారు. పదిహేను గంటల్లో మూడు తీసేస్తే సరిగ్గా పన్నెండు. గురువారం దీవానియా అర్ధరాత్రి దాకా సాగుతుంది కాబట్టి ఆ రోజు పని ఉదయం 9కి మొదలు. మర్నాడు శుక్రవారం సెలవు.

ఇంకో రెండు సంగతులు అడగకపోతే తర్వాత గొడవలవుతాయి. ఒకటి రాత్రిపూట పిలుపు. నానమ్మ రాత్రి లేస్తే ఎవరు లేవాలి? పడుకున్నా చెవి అటే పెట్టి ఉంచాల్సివస్తే అది నిద్ర కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందం, పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండే సమయం గురించి కూడా మాట్లాడింది. దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు దాన్ని పనిగంటలుగా చూడాలంది. ఈ ఇంట్లో రాత్రి కోడలే లేస్తుందని చెప్పారు, అదే రాశాను. రెండోది రంజాన్. ఆ నెలలో ఇఫ్తార్, తెల్లవారుజామున సహరీ, రెండు పూటలా వంటింట్లో పని పడుతుంది, నిద్ర వేళలు తలకిందులవుతాయి. ఆ నెల వేళలు వేరే ఉంటాయని, అయినా 12 గంటలు దాటవని రాయించుకున్నాను.

మూడోది జీతం. ‘ఆకర్షణీయమైన’ అన్న మాటను నేను తెలుగు చేయను, అంకె అడుగుతాను. నెలకు 120 దినార్లు అన్నారు. కువైట్ ప్రభుత్వం ఇంటిపనివారికి 2016లో పెట్టిన కనీస వేతనం 60 దినార్లు. ప్రకటనలో జీతాన్ని దినార్లలోనే రాయాలి, ఎందుకంటే చేతికి వచ్చేది అదే. దినారుకు 270 రూపాయలు అనుకుంటే 120 దినార్లు 32,400 రూపాయలు అవుతాయి. కానీ మారకం రేటు రోజూ మారుతుంది. రూపాయల్లో రాయాలంటే ఏ తేదీ రేటో పక్కన రాయాలి. పెద్దగా కనిపించే అంకె రూపాయలది కాకూడదు.

జీతం, గంటలు ఒకదాని పక్కన ఒకటి ఎందుకు ఉండాలో లెక్క వేసి చూడండి. నెలకు 26 రోజులు, రోజుకు 12 గంటలు అంటే 312 గంటలు. దినారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి 120 దినార్ల జీతం గంటకు దాదాపు 385 ఫిల్సులు పడుతుంది. సెలవు లేకుండా 30 రోజులూ 16 గంటల చొప్పున చేస్తే 480 గంటలు. అప్పుడు అదే జీతం గంటకు 250 ఫిల్సులు. ప్రకటనలో రెండుచోట్లా ‘120 దినార్లు’ అనే ఉంటుంది. గంటలు రాయకుండా జీతం రాసిన ప్రకటన సగం జీతమే చెప్పినట్టు.

జవాబులన్నీ వచ్చాక రాసిన తెలుగు ప్రకటన ఇది.

‘కువైట్‌లో ఇంటిపనికి ఒక ఆడమనిషి కావాలి. ఒకే ఇల్లు, రెండంతస్తులు, ఏడుగురు మనుషులు. చేయాల్సిన పనులు: ఇల్లు ఊడ్చి తుడవడం, అంట్లు, మిషన్‌లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేయడం, రోజూ మధ్యాహ్నం ఏడుగురికి వంట, నాలుగేళ్ల పాపను చూసుకోవడం, పెద్దావిడకు స్నానం చేయించి నడిపించడం. రాత్రి పెద్దావిడను ఇంటివాళ్లే చూసుకుంటారు. పనివేళలు ఉదయం 6 నుంచి రాత్రి 9, మధ్యలో 2 నుంచి 5 దాకా విశ్రాంతి. గురువారం ఉదయం 9 నుంచి రాత్రి 12, అదే విశ్రాంతి. ఆ రాత్రి చుట్టాలకు, స్నేహితులకు చాయ్, తిండి అందించాలి. శుక్రవారం సెలవు. రంజాన్ నెలలో వేళలు మారతాయి, 12 గంటలు దాటవు. జీతం నెలకు 120 కువైట్ దినార్లు, నెలాఖరున బ్యాంకు ఖాతాలో వేస్తారు, ఏమీ కోసుకోరు. తిండి, విడి గది, వీసా, వైద్య పరీక్ష, రానూ పోనూ టికెట్టు యజమానివి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటుంది. ఫోను వాడుకునే వేళలు: యజమాని చెప్పలేదు. వయసు 30–40.’

ఇందులో మూడు చోట్ల నా పద్ధతి చెప్పాలి. వయసు 25 అని వచ్చినదాన్ని నా అంతట నేను మార్చలేదు. పదో తరగతి పాస్ కానివాళ్లకు కువైట్ వంటి దేశాల్లో పనికి వెళ్లడానికి మన ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండకపోతే ఆ అనుమతి రాదు. ఈ సంగతి చెప్పాను, వాళ్లే మార్చారు. ఫోను గురించి అడిగినా జవాబు రాలేదు. ఆ ఖాళీని నేను మంచి మాటతో పూడ్చకూడదు, చెప్పలేదనే రాయాలి. చట్టం ఇచ్చే హక్కులను కూడా యజమాని మాటల్లో కలపను. యజమాని ఒప్పుకున్నది వేరు, చట్టం ఇచ్చింది వేరు. చట్టంలోవి అడుగున గీత గీసి విడిగా రాస్తాను.

రాశాక, కువైట్‌లో ఏళ్లు పనిచేసి వచ్చిన ఒక అక్కకు చదివి వినిపించాను. బాగుందా అని అడగలేదు. ‘అక్కా, నువ్వు ఈ పనికి పోతే గురువారం నీ రోజు ఎట్లా గడుస్తుందో చెప్పు’ అన్నాను. ఆమె పొద్దున తొమ్మిది నుంచి వరసగా చెప్పుకుంటూ వచ్చి, ఒక చోట ఆగింది. ‘పన్నెండుకు వాళ్లు లేచిపోతారు సరే. ఆ గ్లాసులూ తట్టలూ ఎవరు కడగాల? కడిగి పండుకునేసరికి రెండయితుంది’ అంది. నాకు తట్టని ప్రశ్న అది. మళ్లీ యజమానికి పంపితే, ఆ అంట్లు శనివారం పొద్దున పనిలో కలుస్తాయని జవాబు వచ్చింది. ఆ వాక్యం కూడా ప్రకటనలో చేరింది. విన్నవాళ్లు తిరిగి చెప్పలేని చోటే అనువాదంలో లోపం ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

ఇలాంటి ప్రకటన ఇప్పించినంత మాత్రాన యజమాని మాట నిలబెట్టుకుంటాడని కాదు. చివరికి లెక్కకొచ్చేది ఒప్పందపత్రమే, అందులో అరబ్బీ ఉంటుంది. కానీ చేతిలో స్పష్టమైన తెలుగు కాగితం ఉంటే, సంతకానికి ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టి జీతం, గంటలు, సెలవు సరిపోలాయా అని చూపించి అడగవచ్చు. ఒక జాగ్రత్త: అక్కడి అరబ్బీ అంకెల్లో సున్నా ఒక చుక్క. మనకు సున్నాలా కనిపించే గుండ్రం అక్కడ అయిదు. జీతం అంకెను తెలిసినవాళ్ల చేత తప్పకుండా చదివించుకోండి.

ఇంటిపని ప్రకటన చేతికి వస్తే, అది కువైట్‌దైనా హైదరాబాద్‌దైనా, ఈ నాలుగూ వెతకండి: ఏయే పనులు, ఎన్నింటి నుంచి ఎన్నింటికి, ఏ రోజు సెలవు, ఏ తేదీన ఎంత జీతం. ఒక్కటి లేకపోయినా అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే ఒప్పుకోండి. ప్రకటన రాసేవాళ్లకు, తెలుగు చేసేవాళ్లకు నా విన్నపం కూడా అదే: ఆ నాలుగూ లేని ప్రకటనను అచ్చుకు ఇవ్వకండి.