రెండు దృశ్యాల మధ్య ఒక్క వాక్యం

నిమిషం నిడివి గల షార్టును సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన అవసరముందా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. కథకుడికి ఎదురయ్యే శిల్ప సమస్యే అక్కడా ఎదురవుతున్నప్పుడు పట్టించుకోక తప్పదు. రెండు భాగాల మధ్య సంబంధాన్ని రచయిత చెప్పాలా, పాఠకుడికి వదిలెయ్యాలా అన్నదే ఆ సమస్య.

మా పదో తరగతి పిల్లలు చేనేత మీద ఒక షార్టు తీశారు. మొదటి భాగంలో ఒక నేత కార్మికుడు గుంటమగ్గం మీద చీర నేస్తుంటాడు. ఆయన మజూరీకి నేసేవాడు. నూలు, చీర రెండూ షావుకారువే. రెండవ భాగంలో పట్నంలోని దుకాణం, అద్దాల వెనక అలాంటి చీరే, దానికి వేలాడే ధర చీటీ. మగ్గం మీంచి నేరుగా దుకాణంలోకి కోశారు. సినిమావాళ్లు హార్డ్ కట్ అనేది దీన్నే. శ్రమకూ ధరకూ మధ్య ఉన్న అగాధం దానంతటదే కనబడుతుందని పిల్లల నమ్మకం. తరగతిలో చూపిస్తే ఒక అమ్మాయి, "ఆ షాపు ఎక్కడుంది సార్?" అని అడిగింది. దోపిడీ గురించి తీసిన షార్టు ఆ అమ్మాయికి దుకాణం ప్రకటనగా కనబడింది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. పక్కపక్కన పెట్టిన రెండు దృశ్యాలను చూసేవాడు తనకు అలవాటైన సంబంధంతోనే కలుపుకుంటాడు. మగ్గం తర్వాత దుకాణం చూపించే ప్రకటనలు మనం ఎన్నో చూశాం. కొత్త సంబంధం చెప్పదలచినప్పుడు పాత అలవాటును అడ్డుకునే మాట ఒకటి కావాలి.

పిల్లలు మొదట "ఇప్పుడు దుకాణానికి వెళదాం" అని చేర్చారు. ఇది స్థలం మారిందని మాత్రమే చెబుతుంది. ఆ సంగతి బొమ్మ ఎలాగూ చెబుతోంది. తర్వాత "ఈ విధంగా నేత కార్మికుడి శ్రమ దోపిడీకి గురవుతోంది" అన్నారు. ఇది రెండవ భాగం చెప్పవలసిన మాటను ముందే చెప్పేసింది. ఇక దుకాణాన్ని చూడనక్కర్లేదు. చివరికి నిలిచిన వాక్యం ఇది: "చీర నేసేది ఈయన, ధర కట్టేది ఈయన కాదు." పలకడానికి మూడు నాలుగు క్షణాలు పడుతుంది. మొదటి సగం మనం చూసినదాన్ని పట్టుకుంటుంది, రెండవ సగం ఒక ప్రశ్న లేపుతుంది. మరి కట్టేదెవరు? ఆ ప్రశ్నతోనే మనం దుకాణంలో అడుగుపెడతాం.

వాక్యం దొరకడంతో పని అయిపోలేదు. దాన్ని ఎక్కడ పలకాలన్నది మరో ప్రశ్న. మొత్తం మగ్గం మీదే పలికితే మొదటి భాగానికి ముగింపులా వినిపించింది. మొత్తం దుకాణం మీద పలికితే అది మరో షార్టుకు ఆరంభంలా ఉంది. "చీర నేసేది ఈయన" అన్నది నాడె విసిరే చేతుల మీద పలికించి, అక్కడ బొమ్మ కోసి, "ధర కట్టేది" అనేటప్పటికి అద్దాలు చూపిస్తే రెండూ అతుక్కున్నాయి. మగ్గం చప్పుడును కూడా కోత దగ్గర ఆపెయ్యకుండా, మాట పూర్తయ్యేదాకా సన్నగా సాగనిచ్చారు.

అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. దుకాణం దృశ్యం గుమాస్తా ముఖంతో మొదలవుతుంది. "ఈయన కాదు" అన్న మాట గుమాస్తాకు తగిలింది! ధర కట్టనివాడు అతనే కాబోలు అనిపించింది. ముఖాన్ని తీసేసి ధర చీటీతో మొదలుపెట్టారు. అప్పుడు "ఈయన" అన్న మాటకు తెర మీద మనిషే లేడు. నేసినవాడు అక్కడ లేకపోవడమే అర్థమైంది. ఆ సర్వనామం చేసిన పనిని పెద్ద ఉపన్యాసం చెయ్యలేదు.

ఇది మనకు కొత్త కాదు. మన యక్షగానాల్లో పాటకూ పాటకూ మధ్య సంధి వచనాలు చేసింది ఈ పనే.

అయితే ప్రతి కోతకూ ఈ వంతెన అవసరమని కాదు. 1925 నాటి 'స్ట్రైక్' చిత్రంలో ఐజెన్‌స్టీన్ కార్మికుల ఊచకోతనూ పశువధనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. అక్కడ ఢీకొనడమే అర్థం. మధ్యలో ఒక వివరణ వాక్యం పెడితే ఆ దెబ్బ చప్పబడుతుంది. చూసేవాడు తప్పుగా కలుపుకునే ప్రమాదం ఉన్నచోటే మాట కావాలి.

దాన్ని తేల్చుకునే పరీక్ష సులువే. ఆ వాక్యం తీసేసి, విషయం తెలియని మనిషికి చూపించి, ఏమర్థమైందని అడగాలి. అర్థం మారకపోతే ఆ వాక్యం దండగ. మారితే ఉంచాలి. ఒక్క వాక్యంతో కుదరక నాలుగు వాక్యాలు కావలసివస్తే మాత్రం లోపం వంతెనలో లేదు. ఆ రెండు భాగాలూ ఒకే షార్టులో ఉండవలసినవి కావేమో చూసుకోవాలి. కథ రాసేవాళ్లకూ ఈ పరీక్ష పనికొస్తుంది.