పదిహేడు తేడాతో తేలిన కరణులు

2√13 పెద్దదా, 5∛3 పెద్దదా?

ఈ ప్రశ్న ఎదురైతే ఇవాళ ఎక్కువమంది దశాంశాల వైపు చెయ్యి చాస్తారు. మూడు దశాంశ స్థానాల వరకు √13 విలువ 3.606, ∛3 విలువ 1.442. మొదటిదాన్ని రెండుతో గుణిస్తే 7.212, రెండోదాన్ని అయిదుతో గుణిస్తే 7.210. కనుక 2√13 పెద్దది అని రాసేసి పేజీ తిప్పేస్తారు. ఆ జవాబు తప్పు. గుణకారంలో పొరపాటేమీ లేదు, విలువలూ సరిగ్గానే సవరించి రాసినవి. అయినా జవాబు తలకిందులైంది.

కరణులు తెలిసిన మనిషి చేసే పని వేరు. ముందు బయట ఉన్న గుణకాన్ని మూలం లోపలికి పంపుతాడు. వర్గమూలంలోకి వెళ్లే 2 తన వర్గమై 4గా వెళుతుంది, 4ని 13తో గుణిస్తే √52 వస్తుంది. ఘనమూలంలోకి వెళ్లే 5 తన ఘనమై 125గా వెళుతుంది, 125ని 3తో గుణిస్తే ∛375 వస్తుంది. పిల్లలు తరచుగా తప్పేది ఇక్కడే. రెండో దాంట్లోనూ 25నే లోపలికి పంపేస్తారు. ఎంత క్రమం ఉన్న మూలంలోకి వెళ్తే అంత ఘాతమై వెళ్లాలన్నది వేలికొసల మీద ఉండాలి.

ఇక √52, ∛375 మిగిలాయి. ఒకటి రెండో క్రమం, ఇంకొకటి మూడో క్రమం. ఒకరి ధాన్యం కుంచాలతో, మరొకరిది మానికలతో కొలిచి ఎవరిది ఎక్కువని అడిగితే ఏ పెద్దమనిషైనా ముందు రెండింటినీ ఒకే కొలతకు తెమ్మంటాడు. ఇక్కడ ఆ కొలతను ఇచ్చేది 2, 3ల క.సా.గు., అంటే 6. వర్గమూలం అంటే 1/2 ఘాతం. దాన్ని 3/6 అని రాయవచ్చు. ఘనమూలం 1/3 ఘాతం, అది 2/6. కాబట్టి √52 అంటే 52 ఘనానికి ఆరో మూలం, ∛375 అంటే 375 వర్గానికి ఆరో మూలం. రెండూ ధన సంఖ్యలే కనుక ఆరో మూలం లోపల ఏది పెద్దదో బయటా అదే పెద్దది.

52 ఘనం 1,40,608. 375 వర్గం 1,40,625. తేడా పదిహేడు!

లక్షా నలభై వేల పైచిలుకు సంఖ్యల్లో పదిహేడు తేడాతో 5∛3 గెలిచింది. ఈ తీర్పులో ఉజ్జాయింపు లేదు, సవరణ లేదు. ఇది రెండు పూర్ణాంకాల మధ్య తేలిన మాట. అసలు విలువల మధ్య తేడా దాదాపు 0.00015 మాత్రమే. మూడు స్థానాలకు సవరించిన ప్రతి విలువలోనూ 0.0005 దాకా దోషం ఉండవచ్చు. రెండుతో గుణిస్తే ఆ దోషం 0.001 అవుతుంది, అయిదుతో గుణిస్తే 0.0025. రెండూ కలిస్తే 0.0035. పైన దశాంశాలు చూపిన తేడా 0.002. దోషం కన్నా తక్కువ తేడా చూపించిన లెక్కను నమ్మకూడదని అక్కడే తెలుసుకోవచ్చు. ఎన్ని మెట్లు తప్పకుండా చేసినా, ఆ ఒక్క చూపు లేకపోతే తప్పు జవాబు ధైర్యంగా రాసేస్తాం.

నాకు ఇష్టమైన మరో జత, కాదు త్రయం: √3, ∛5, ⁶√26. మూలాల కింద సంఖ్య 3 నుంచి 26కి ఎగబాకింది. చూపుకు ఆఖరిదే పెద్దదనిపిస్తుంది. మూడింటినీ ఆరో క్రమానికి తెస్తే లోపల 27, 25, 26 కనిపిస్తాయి. చిన్న 3 ఉన్నదే అన్నిటికన్నా పెద్దది! ఎంత చక్కని కూర్పో చూడండి. పక్కపక్కనే ఉండే మూడు పూర్ణాంకాలు మూడు వేషాల్లో వచ్చాయి. క.సా.గు. బదులు క్రమాల లబ్ధం 36 తీసుకున్నా జవాబు సరైనదే వస్తుంది. కానీ 3కి పద్దెనిమిదో ఘాతం లెక్కకట్టుకుంటూ కూర్చోవాలి. సరైన జవాబు, మొరటు పని. నేను దానికి సగం మార్కులే ఇస్తాను.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. మూలాల కింద ధన సంఖ్యలే ఉండాలి. −8 ఘనమూలం −2. అదే 1/3 ఘాతాన్ని 2/6 అని మార్చి, ముందు వర్గం చేసి ఆరో మూలం తీస్తే +2 వస్తుంది. హద్దు దాటితే ఘాతాంక న్యాయాలు ఇలా మోసం చేస్తాయి.

కరణుల సంగతి మనవాళ్లకు చాలా పాతది. √ గుర్తు 1525లో క్రిస్టఫ్ రుడాల్ఫ్ పుస్తకంలో అచ్చయింది. అంతకన్నా ఎంతో ముందే మన గణితజ్ఞులు సంఖ్య ముందు ‘క’ అని పెట్టి కరణిని రాసుకున్నారు. చరిత్ర అలా ఉంచండి, పనితనం చూడండి. పన్నెండో శతాబ్దపు భాస్కరాచార్యుడి బీజగణితంలో ఒక ఉదాహరణ ఉంది: 10 + √24 + √40 + √60. దీని వర్గమూలం చెప్పాలి.

10 వర్గం 100. అందులోంచి 24, 40 తీసేస్తే 36, దాని మూలం 6. 10కి 6 కలిపి సగం చేస్తే 8. 10 నుంచి 6 తీసి సగం చేస్తే 2. చిన్నదైన 2ను పక్కన పెట్టి, 8తో మళ్లీ అదే పని. 64 నుంచి మిగిలిన 60 తీస్తే 4, మూలం 2. 8కి 2 కలిపి సగం 5, తీసి సగం 3. జవాబు √2 + √3 + √5. దాన్ని వర్గం చేసి చూడండి, మొదటి గుట్ట మొత్తం తిరిగి వస్తుంది. మూడు కరణులుంటే ముందు రెండింటినే తీయాలని, ఆరు ఉంటే మూడింటిని తీయాలని కూడా ఆయన నియమం చెప్పాడు. ఎక్కడా ఒక్క దశాంశం లేదు. ఇంత నాజూకు పని చూశాక నేను తటస్థంగా ఉండలేను, ఉండాలనీ లేదు.

అందుకే పోటీ పరీక్షల చిట్కాల పుస్తకాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ‘క్రమం చిన్నదైతే విలువ పెద్దది’ అని ఒక చిట్కా. మూలం కింద అదే సంఖ్య, అదీ ఒకటి కన్నా పెద్దది ఉన్నప్పుడే అది నిజం. √2, ∛3లను ఆరో క్రమానికి తెస్తే 8, 9 వస్తాయి, చిట్కా అక్కడే కూలిపోతుంది. షరతు కోసేసి వాక్యాన్ని మాత్రం అమ్ముతున్నారు. పిల్లవాడు దాన్ని కంఠస్థం చేసి, రెండు ప్రశ్నల్లో నెగ్గి, మూడో దాంట్లో ఎందుకు ఓడాడో తెలియక తన తెలివినే అనుమానించుకుంటాడు. తప్పు వాడిది కాదు, షరతు దాచిన వాడిది.

ప్రశ్నపత్రాలు కూర్చే మాస్టార్లకు నా మనవి ఒకటే. √2, ∛100 లాంటి దూరపు జతలు ఇవ్వకండి, వాటికి కళ్లు చాలు. √17, ∛70 ఇవ్వండి. ఒక స్థానం దాకా దశాంశం తీస్తే రెండూ 4.1 అంటాయి. ఆరో క్రమానికి తెస్తే 4913, 4900. పదమూడు తేడా. ఆ రెండు సంఖ్యలూ కాగితం మీద కనిపించేలా రాసిన వాడికే పూర్తి మార్కులు వేయండి.