గబ్బిలం ఎవరికి ప్రతీక?

"గబ్బిలం అస్పృశ్యుడే" అని విద్యార్థులు జవాబుపత్రాల్లో తరచు రాస్తుంటారు. జాషువా 1941 నాటి కావ్యాన్ని ఇంతకంటె అపార్థం చేసుకోవడం కష్టమని నా అభిప్రాయం.

రూపకం సంగతి తేలిక. చాతుర్వర్ణ్యాన్ని కవి నాలుగు పడగల పాముగా చూపాడు. అక్కడ పాము లేదు, ఉన్నది సమాజం. పడగలు నాలుగే కనక అయిదోవాడికి మిగిలింది కాటు మాత్రమే. పోలిక తెలిశాక రూపకం పని పూర్తవుతుంది.

గబ్బిలం అలా కాదు. వాచ్యార్థంలో తీసుకున్నా అది కథలో గబ్బిలంగానే నిలుస్తుంది. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. ఈ పేదవాడి మొర శివుడికి వినిపించేందుకు గబ్బిలమే దిక్కయింది. లోకం దాన్నీ అశుభమంటుంది. కనక అది వెలివేతకు ప్రతీక అనవచ్చు.

కాని గుడి వాకిట ఆ పోలిక తెగిపోతుంది. గబ్బిలం లోపలి కప్పుకు వేలాడుతూ దేవుడి చెవిలో మాట చెప్పగలదు. మనిషి గడప దాటలేడు. కావ్యంలోని ఐరనీ అంతా ఈ తేడాలోనే ఉంది. దీనికి వ్యంగ్యమన్న పేరు చాలదు. ఇందులో నవ్వు లేదు. గబ్బిలమే అస్పృశ్యుడని సమీకరణం రాస్తే, అతడు గుడిలోకి వెళ్ళిపోయినట్టే. ఇక కవి ఆగ్రహం దేనిమీద?